గేటు దాటిన నీలం స్కూటర్

మా కంపెనీ పార్కింగ్ గేటు దగ్గర కాపలా ఉండే అక్కని అందరూ విజిల్ అంటారు. ఎదురుగా అనరు. ఎదురుగా అనే దమ్ము మా అడ్మిన్ ఆఫీసరుకి కూడా లేదు. బండి గీత దాటి పెడితే విజిల్, హెల్మెట్ లేకుండా లోపలికొస్తే విజిల్, టోకెన్ వెతుక్కుంటూ గేటులో నిలబడితే చెవులు చిల్లులు పడేలా రెండు విజిళ్ళు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళెవరూ ఈ కంపెనీలో లేరు. నేను కెమెరా గదిలో పనిచేస్తాను. రోజంతా తెరల మీద ఆవిడని చూస్తూనే ఉంటాను. నేనూ చూడలేదు.

ఆవిడ పద్ధతి ఎంత గట్టిదంటే, సొంత తోటికోడల్ని కూడా వదల్లేదు. అసలు గొడవంతా అక్కడే పుట్టింది. ఆ చిన్నకోడల్ని ప్యాకింగ్ సెక్షన్లో పనిలో పెట్టించింది అక్కే. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, ఒకే డబ్బాలో అన్నం తెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తుంటే చిన్నకోడలి సంచిలో కంపెనీ టేపు చుట్ట ఒకటి బయటపడింది. ఇంట్లో పిల్లల పుస్తకాలకి అట్టలు వెయ్యడానికట. ఇంకెవరైనా అయితే "లోపల పెట్టేసి రా" అని కళ్ళు మూసుకునేవాళ్ళు. అక్క ఆ చుట్టని పైకెత్తి, వరుసలో ఉన్న అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టింది. "అందరికీ ఒకటే రూలు" అంది. చిన్నకోడలికి హెచ్చరిక కాగితం వచ్చింది. ఆ రాత్రే ఇంట్లో అన్నదమ్ములిద్దరూ కలబడ్డారు, ఆ నెలలోనే నడవ మధ్యలో గోడ లేచింది. ఆనాటి నుంచి ఆ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకే తలుపు నంబరున్న ఇంట్లోంచి బయల్దేరి, ఒకే గేట్లోకి వచ్చి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు.

నా అభిప్రాయం అడిగితే తప్పు ఇద్దరిదీ. అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఇక్కడే చెప్తున్నాను.

పార్కింగ్ సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే ఆ రోజు జరిగింది అర్థం కాదు. స్థలం చిన్నది, బండ్లు ఎక్కువ. అందుకని హ్యాండిల్ లాక్ వెయ్యొద్దని కంపెనీ హుకుం. గార్డులు బండ్లని అటూ ఇటూ జరిపి దారి చేస్తుంటారు. ఒక మనిషి తాళం లేకుండా బండి తోసుకుంటూ పోతున్నా మా దగ్గర ఎవరూ తలెత్తి చూడరు, రోజూ కనపడే దృశ్యమే. లోపలికొచ్చే ప్రతి బండికీ ఒకే నంబరున్న రెండు టోకెన్లు. ఒకటి హ్యాండిల్‌కి, రెండోది యజమాని చేతికి. రెండూ కలిస్తేనే బండి బయటికి పోతుంది.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. ఎదురుగా రోడ్డవతల పంక్చర్ షాపు. ఎవరి బండికైనా గాలి పోతే షాపు మనిషి వచ్చి తోసుకుపోయి, బాగు చేసి, మళ్ళీ తెచ్చి పెడతాడు. మిషన్ దగ్గర నిలబడ్డవాళ్ళు పని ఆపి టోకెన్ పట్టుకుని గేటు దాకా రాలేరు కదా. అందుకని గేటు గార్డు ఇంటర్‌కమ్‌లో ఆ సెక్షన్‌కి ఫోన్ చేసి, యజమాని నోట "అవును, నేనే చెప్పాను" అనిపించుకుని వదలాలి. యజమాని దొరక్కపోతే బండి కదలదు. ఈ ఏర్పాటు ఏ కాగితంలోనూ లేదు. పెట్టింది అక్కే, ఏనాడూ తప్పనిదీ అక్కే.

ఆ రోజు పగటి షిఫ్టు వదిలాక జనం బిలబిలమంటూ పార్కింగ్‌లోకొచ్చారు. కాసేపటికి తెర మీద వెనక గోడ వరుసలో చిన్నకోడలు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ కనపడింది. చేతిలో టోకెన్, ఎదురుగా ఖాళీ. తెరలకి శబ్దం రాదు, కానీ ఆవిడ అరుపు మా గది కిటికీలోంచే వినపడింది.

"నా బండేదీ? నా స్కూటరేదీ?"

నేను కిందకి పరిగెత్తాను. బండి కనపడలేదంటే ముందు అన్ని వరుసలూ వెతకాలి, ఎందుకంటే గార్డులే జరిపి ఉండొచ్చు. రౌండ్లు తిరిగే గార్డు బక్కోడూ నేనూ వరుస వరుసా గాలించాం. లేదు. అక్క గేటు దగ్గర కొయ్యబారి నిలబడిపోయింది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడే నాకు సగం అర్థమైంది.

చిన్నకోడలు ఆవిడ మీదకి పోలేదు. పక్కనున్న జనం వైపు తిరిగి అరిచింది. "చేతిలో టోకెన్ ఉండగా బండి ఎలా పోయిందో గేటు దగ్గర కూచున్నవాళ్ళు చెప్పాలి! మనుషుల సంచులు వెతకడం వచ్చు గాని, బండ్లు కాయడం రాదు!"

"నన్ను కూచోనిచ్చేదెవరు" అని అక్క గాల్లోకి గొణిగింది. అది ఎవరికీ జవాబు కాదు.

ఇంతలో అడ్మిన్ ఆఫీసరు వచ్చాడు. ఆయన వచ్చీ రాగానే గోడ మీద బోర్డు చూపించాడు. 'వాహనాలకు యజమానులదే బాధ్యత' అని ఉంటుంది.

"కంగారు పడకమ్మా. ముందు మనం లోపల విచారణ చేద్దాం. రేపు మీటింగ్ పెడతాను. పోలీసులూ గీలీసులూ అంటే కంపెనీ పరువు పోతుంది" అన్నాడు.

"మీ పరువు మీ దగ్గరే ఉంచుకోండి సార్, నాకు బండి కావాలి" అని చిన్నకోడలు ఆయన ముందే ఫోన్ తీసి పోలీసుల అత్యవసర నంబరుకి కొట్టింది. బండి నంబరు, రంగు, ఎక్కడ పోయింది, ఆఖరిసారి ఎవరు చూశారు, అన్నీ చెప్పింది. ఒక్క అంకె తప్పలేదు. నేను లోలోపలే శభాష్ అనుకున్నాను. బండి పోయాక గడిచే ప్రతి నిమిషమూ దొంగ సొత్తే. రేపటి మీటింగ్ నాటికి ఆ స్కూటర్ ముక్కలు ముక్కలై ఏ పాత సామాన్ల బజార్లోనో తేలేది.

బైకు మీద ఒక కానిస్టేబుల్ వచ్చాడు. స్కూటర్ ఉన్నచోటు చూశాడు, గోడ చూశాడు, గేటు చూశాడు, బండి నంబరు వైర్‌లెస్‌లో చెప్పాడు. "కెమెరాలు?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

కెమెరా గదిలో ముందు నా ఫోన్లో టైమూ, రికార్డర్లో టైమూ పక్కపక్కన పెట్టి చూపించాను. మా రికార్డర్ గడియారం ముందుకు పరిగెడుతుంది. ఆ తేడా రాసుకోకపోతే రేపు కోర్టులో సాక్ష్యమంతా గందరగోళం. తర్వాత వెనక్కి తిప్పాను.

వెనక వరుస కెమెరాలో, పొద్దెక్కాక, టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు గోడ పక్కన గొంతుక్కూచున్నాడు. చెప్పు సర్దుకుంటున్నట్టు. లేచి వెళ్ళిపోయాడు. నీలం స్కూటర్ ముందు చక్రం మెల్లగా నేలకి అంటుకుపోయింది. గాలి వాడే తీశాడు.

"ఆ తర్వాత నేను చూశాను సార్" అన్నాడు బక్కోడు. వాడి చేతిలో రౌండ్ల కర్ర ఉంటుంది. గోడల మీద అక్కడక్కడా బిగించిన బిళ్ళలకి దాన్ని తాకిస్తే ఎప్పుడు ఎక్కడికొచ్చాడో అందులో ఎక్కుతుంది. భోజనాలకి ముందు వెనక గోడ బిళ్ళకి తాకించినట్టు ఉంది. "ప్యాకింగ్ వాళ్ళ నీలం బండికి గాలి లేదని గేటులో చెప్పాను."

"భోజనాల తర్వాత రౌండో?"

బక్కోడు అడ్మిన్ ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు కిటికీ వైపు చూశాడు.

"సారుగారి అతిథులు వచ్చారని... కుర్చీలు మొయ్యమన్నారు సార్."

ఆ రౌండు తప్పిన వేళలోనే టోపీవాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి నూనె మరకల చొక్కా, చేతిలో గాలి పంపు. దర్జాగా బండి తోసుకుంటూ తెర దాటిపోయాడు. మొహం ఎక్కడా పడలేదు. వెనక వరుసలో ఉన్నది ఒక్కటే కెమెరా, అదీ వీపు వైపు నుంచి.

"గేటు కెమెరా పెట్టు" అన్నాడు కానిస్టేబుల్.

పెట్టాను. తెర నిండా అక్క. గేటు లేదు, రోడ్డు లేదు. అక్క, ఆవిడ స్టూలు, గోడకున్న ఇంటర్‌కమ్.

"ఇదేంటయ్యా?"

నాకు కడుపు మండిపోయింది. చెప్పేశాను. గార్డు కూచుంటోందా, ఫోన్ చూస్తోందా అని కనిపెట్టడానికి అడ్మిన్ ఆఫీసరు ఆ కెమెరాని గేటు మీంచి గార్డు మీదకి తిప్పించాడు. తిప్పింది నేనే, ఆయన హుకుం మీద. వద్దు సార్, బయటికి పోయే బండ్ల నంబర్లు పడవు అన్నాను. "బండ్లు ఎక్కడికి పోతాయయ్యా" అన్నాడు మహానుభావుడు. ఇదిగో, ఇక్కడికే పోయాయి.

తెరలో అక్క ఇంటర్‌కమ్ ఎత్తింది. ఏదో అంది. ఆగింది. విన్నది. దవడ బిగిసింది. రిసీవరు దభీమని పెట్టేసింది. పక్కకి తిరిగి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. తెర అంచున గాలిలేని చక్రం ఒకటి కనపడి మాయమైంది. మా దగ్గరున్న సాక్ష్యమంతా అంతే.

అడ్మిన్ ఆఫీసరు మొహం ఒక్కసారి విప్పారింది. కెమెరా తిప్పించిన తప్పు, రౌండు ఎగ్గొట్టించిన తప్పు, రెంటినీ మొయ్యడానికి ఆయనకి ఒక తల దొరికింది.

"చూశారా! చెయ్యి ఊపి మరీ పంపింది. ముందు ఎవరికో ఫోన్ చేసింది. ఆ దొంగ ముఠాకే అయ్యుంటుంది."

"అది ఇంటర్‌కమ్ సార్, కంపెనీ లోపలికి తప్ప పోదు" అన్నాను.

"అయితే లోపల కూడా ఒకడున్నాడన్నమాట" అన్నాడు. ఈ మనిషి నోరు మూయించడం నా వల్ల కాదు.

కానిస్టేబుల్ రెండు కెమెరాల రికార్డింగూ కాపీ తీయించుకున్నాడు. రికార్డర్‌లో అసలుది చెరపొద్దని, దాని మీదకి కొత్తది ఎక్కకుండా చూడమని గట్టిగా చెప్పాడు. కాపీ తీసింది నేనేనని సంతకం పెట్టడానికి నన్నూ స్టేషన్‌కి రమ్మన్నాడు. చిన్నకోడల్ని బండి కాగితాలూ, ఇన్సూరెన్సూ, రెండు తాళంచెవులూ తెమ్మన్నాడు. రెండో తాళంచెవి ఇంట్లోనే ఉందంటే, వాళ్ళాయన తెచ్చిచ్చి పిల్లల కోసం వెనక్కి పరిగెత్తాడు. అక్కని మాత్రం "నువ్వు కూడా రావాలమ్మా" అన్నాడు. అంతే, మర్యాదగానే అన్నాడు. అయినా చుట్టూ ఉన్న జనం రెండడుగులు వెనక్కి జరిగారు. ఇన్నాళ్ళూ విజిల్ తిన్నవాళ్ళు కదా, ఒకడెవడో "తగిన శాస్తి" అని కూడా అన్నాడు. వాడి మొహం నాకు గుర్తుంది.

దారిలో, నేను బైకు తోసుకుంటూ వెనకే వస్తుంటే, అడ్మిన్ ఆఫీసరు చిన్నకోడలి పక్కన నడుస్తూ చెవిలో జోరీగలా మొదలుపెట్టాడు. "అనుమానం ఎవరి మీద అని అడుగుతారమ్మా. గార్డు మీద అని రాయించు. నీకూ ఆవిడకీ పడదని నాకు తెలుసు. ఆవిడ మీద కేసైతే సెక్యూరిటీ ఏజెన్సీ గడగడలాడుతుంది, నీకు న్యాయం జరుగుతుంది. కంపెనీ నీ వెనక ఉంటుంది."

ఆవిడ వింటూనే నడిచింది. ఆ గోడ లేచాక అక్క భర్త వెన్ను పట్టేసి మంచానికే అంటుకుపోయాడు, ఇల్లు గడిచేది ఆ గేటు ఉద్యోగంతోనే. పోలీసు కేసులో పేరు ఎక్కిన గార్డుని మళ్ళీ ఏ ఏజెన్సీ తీసుకుంటుంది? కొంప కాపాడమని ఎవరూ దొంగకి తాళం ఇవ్వరు. ఆ పేరు ఎక్కాలా వద్దా అన్నది ఇప్పుడు ఆవిడంటే సరిపడని మనిషి నోట్లో ఉంది.

స్టేషన్లో ఒక పొడుగాటి బల్ల, దాని వెనక స్టేషన్ ఆఫీసరు. కళ్ళజోడు ముక్కు మీదకి జారిన పెద్దమనిషి, విసుగు మొహం. బండి కాగితాల్లోంచి ఛాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ ఎక్కించుకున్నాడు. రెండు తాళంచెవులూ చూశాడు.

"హ్యాండిల్ లాక్ వేశావా?"

"వెయ్యకూడదని కంపెనీ రూలండీ."

ఆఫీసరు అడ్మిన్ వైపు కళ్ళజోడు మీంచి చూశాడు. అడ్మిన్ దగ్గాడు.

తర్వాత అక్క వంతు. ఆవిడ బల్ల ముందు నిటారుగా నిలబడింది.

"టోకెన్ లేకుండా ఎందుకు వదిలావు?"

"నా తప్పు."

"తప్పేనమ్మా, అది తెలుస్తూనే ఉంది. ఎందుకు వదిలావు?"

"పంక్చర్ షాపు మనిషినన్నాడు. బండావిడే పిలిపించిందన్నాడు. గాలి లేదని అప్పటికే నాకు తెలుసు. వదిలేశాను."

"ఫోన్ ఎవరికి చేశావు?"

అక్క గోడ వైపు చూసింది. నోరు విప్పలేదు. ఆఫీసరు మళ్ళీ అడిగాడు. ఆవిడ మొండితనం నాకు తెలుసు గాని, మునిగిపోతూ కూడా ఒడ్డు పట్టుకోని మనిషిని అప్పుడే చూశాను. ఒక్క మాట చెప్తే తేలిపోతుంది, ఆ మాటలో తోటికోడలి ప్రస్తావన రావాలి. ఆ ప్రస్తావన నా నోట తేనని ఒట్టు పెట్టుకుంది కాబోలు. ఇలాంటి ఒట్లు పెట్టుకునేవాళ్ళని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

"సరే. పేరు, భర్త పేరు, ఇంటి చిరునామా చెప్పు" అన్నాడు ఆఫీసరు. ఆవిడ చెప్పింది. రాస్తున్నవాడు సగంలో కలం ఆపాడు. పక్కనున్న ఫిర్యాదు కాగితం లాక్కుని చూశాడు. మళ్ళీ ఇది చూశాడు.

"ఇద్దరిదీ ఒకటే తలుపు నంబరు?"

అడ్మిన్ ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇదే సార్! ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు. ఈవిడ బండి ఆవిడ పంపించేసింది. ఇన్సూరెన్సు కోసం ఆడిన నాటకం సార్. ఫోన్ ఎవరికి చేసిందో ఇప్పుడు అర్థమైందా?"

ఇందాకటి దాకా న్యాయం చేస్తానన్న మనిషి, చిన్నకోడల్ని కూడా కలిపి తోసేశాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు. స్టేషన్ ఆఫీసరు కలం కింద పెట్టి చిన్నకోడలి వైపు తిరిగాడు.

"ఏమ్మా? నువ్వు చెప్పు. ఈవిడ నీకేమవుతుంది? ఈవిడ మీద అనుమానం ఉందా లేదా?"

"ఈవిడతో కలిసి నేను నాటకమా?" చిన్నకోడలి గొంతు పగిలింది. "కలిసి మంచినీళ్ళు కూడా తాగం సార్ మేము! మధ్యలో గోడ కట్టుకుని బతుకుతున్నాం. వచ్చి చూడండి కావలిస్తే, ఇటుకలకింకా సున్నం కూడా వెయ్యలేదు. వీధిలో ఎదురుపడితే తల తిప్పుకుంటాం. ఈవిడ నా తోటికోడలు. ఈవిడంటే నాకు గిట్టదు. అయితే మాత్రం, ఈవిడ దొంగ కాదు. పరాయి సూది కూడా ముట్టదు. ముట్టినవాళ్ళని బతకనివ్వదు!"

"మరి ఫోన్?"

చిన్నకోడలు చున్నీ కొస నులిమింది. గదిలో అందరం ఆవిడ పెదాల వైపే చూస్తున్నాం, ఒక్క అక్క తప్ప.

"నాకే చేసింది. లైన్ ఇన్‌చార్జి ఎత్తాడు. గేటు నుంచి ఫోనని నన్ను పిలిచాడు. నేను పోలేదు. రానని చెప్పమన్నాను. కావాలంటే ఆయన్ని అడగండి."

ఆఫీసరు అక్కడే ఫోన్ తీసి లైన్ ఇన్‌చార్జిని కనుక్కున్నాడు. స్పీకర్లో ఆ పెద్దమనిషి గొంతు వినపడింది. "అవునండీ. రానంటోందమ్మా అని చెప్పాను. అట్నుంచి 'సరే, దాని బండి దాని ఖర్మ' అని పెట్టేశారండీ."

అంటే ఇదీ సంగతి. యజమాని దొరక్కపోతే బండి కదలకూడదన్న తన రూలుని అక్క ఆ ఒక్కసారే తప్పింది. ఇంకెవరి బండైనా అయితే ఆ టోపీవాణ్ణి ఎండలో నిలబెట్టి, షాపు వాణ్ణి పిలిపించి, జాతకం అడిగేది. కోపంతో చెయ్యి ఊపేసింది. వాడి అదృష్టం చూడండి, కంపెనీలో ఇన్ని బండ్లుంటే ఆ బండికే గాలి తీశాడు.

"మరి ఇది ముందే చెప్పొచ్చుగా తల్లీ?" అన్నాడు ఆఫీసరు అక్కతో.

అక్క అప్పుడు తిరిగింది. ఆఫీసరు వైపు కాదు.

"ఒక్క మాట అనుంటే బండి పోయేదా?" అంది. అనడం కాదు, అరిచింది. "కాదు, నేనెవర్నీ పంపలేదు అని ఒక్క మాట ఆ ఫోన్లో అంటే నీ సొమ్మేం పోయేది? నా ఉద్యోగం పోతుంది, నీ బండి పోయింది, అంత బరువైపోయిందా రిసీవరు!"

గోడ లేచాక చిన్నకోడలితో ఆవిడ అన్న మొదటి మాటలవి. చిన్నకోడలు కూడా బల్ల అవతలి నుంచి అందుకుంది.

"నన్నేమని పిలిపించావో చెప్పు మరి! నువ్వే చెప్పు! 'ఆ నీలం స్కూటరావిణ్ణి పిలవండి' అన్నావట. లైను లైనంతా వినేలా ఆయన అరిచాడు. అందరూ నవ్వారు. నేను నీకు స్కూటరావిణ్ణా? నీ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నా జడ వేసింది నువ్వు కాదూ? ఇవాళ నాకు పేరు కూడా లేదా నీ దగ్గర?"

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయో లేదో నేను చూడలేదు. చూడాలనిపించలేదు, అంతే.

"అమ్మా, మీ ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోండి" అన్నాడు ఆఫీసరు. గొంతులో విసుగు కాస్త తగ్గింది. గుర్తు తెలియని వ్యక్తి మీద కేసు రాశాడు. అక్క వాంగ్మూలంలో ఫోన్ చేసిన సంగతీ, యజమాని రాని సంగతీ రెండూ రాసి చదివి వినిపించాడు. దాని వల్ల రేపు ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెడతారని చిన్నకోడలికి తెలుసు. అయినా సంతకం పెట్టింది. కేసు కాపీ ఆవిడ చేతికిచ్చి, ఇన్సూరెన్సు కంపెనీకి వెంటనే తెలియజెయ్యమన్నాడు. తర్వాత అడ్మిన్ వైపు తిరిగాడు.

"గేటు కెమెరా ఎందుకు తిప్పించారో, రౌండ్ల మనిషిని కుర్చీలకి ఎందుకు పంపారో, మీరు కూడా ఒక వాంగ్మూలం ఇవ్వాలి. కూచోండి."

కూచున్నాడు. ఆ రోజు నాకు దక్కిన సంతోషం అదొక్కటే. దాన్ని నేను దాచుకోను.

మేం ముగ్గురం బయటికొచ్చేసరికి మునిమాపు వేళైంది. నా బైకు మీద ఒక్కర్ని తీసుకెళ్ళగలను. ఎవర్ని రమ్మన్నా రెండోవాళ్ళు శత్రువైపోతారు, అందుకని నోరు మెదపలేదు. వాళ్ళిద్దరికీ దారి ఒకటే, ఇల్లూ ఒకటే. చెరొక మెట్టు మీద నిలబడ్డారు. మధ్యలో నేను.

"తమ్ముడూ" అంది అక్క, రోడ్డు వైపు చూస్తూ. "ఆవిడకి చెప్పు. సందు వైపు వద్దు, లైట్లు లేవు. కుక్కలుంటాయి. మెయిన్ రోడ్డు మీంచే పొమ్మను."

"ఆ సంగతి నాకు తెలుసని చెప్పన్నా" అంది చిన్నకోడలు, ఇంకో వైపు చూస్తూ.

చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్నారు ఇద్దరూ. నాకు నషాళానికంటింది.

"నేను చెప్పను" అన్నాను. "మధ్యాహ్నం ఇలాగే మధ్యలో ఒకణ్ణి పెట్టుకునే బండి పోగొట్టారు. నేను మీ ఇంటర్‌కమ్‌ని కాదు. మీ మాటలు మీరే చెప్పుకోండి."

బైకు స్టార్ట్ చేశాను. కదలబోతూ ఎందుకో ఆగాను. తర్వాత అక్క గొంతు వినపడింది. అప్పుడు కూడా కోపంగానే ఉంది ఆ గొంతు.

"కుక్కలుంటాయే."

"ఊఁ" అంది చిన్నకోడలు.

ఇద్దరూ మెయిన్ రోడ్డు వైపు నడిచారు. ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక.